టేబుల్ బుకింగ్: టైమ్‌లు, ఎంతమందికి, రాలేకపోతే ఏంటి

రాజమండ్రిలో మాది చిన్న హోటల్, మొత్తం పద్నాలుగు టేబుళ్లు. వాటిలో ఎనిమిదే ఆన్‌లైన్‌లో ఇస్తాం. మిగతా ఆరు నేరుగా వచ్చేవాళ్ల కోసం, ఎందుకంటే రైలు దిగి ఆకలితో వచ్చిన మనిషిని బుకింగ్ లేదని వెనక్కి పంపడం మాకు ఇష్టం ఉండదు. ఇక్కడ "ఖాళీ లేదు" అని కనబడినా రండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కాసేపు ఆగాల్సి రావచ్చు.

టైమ్‌లు

మధ్యాహ్నం 12:00, 1:30. రాత్రి 7:00, 8:45. సోమవారం సెలవు. పదిహేను రోజుల ముందు నుంచి, అనుకున్న టైమ్‌కి రెండు గంటల ముందు వరకు బుక్ చేసుకోవచ్చు. మధ్యాహ్నం టేబుల్ గంటన్నర మీదే, పెరుగన్నం దాకా నిదానంగా తినండి. రాత్రి 8:45కి వచ్చేవాళ్లని 10:30 వరకు ఎవరూ లేపరు. 2027 గోదావరి పుష్కరాల పన్నెండు రోజులూ బుకింగ్ ఉండదు, వచ్చినవాళ్లకి వచ్చిన వరసలోనే టేబుల్.

ఎంతమందికి

ఇద్దరి నుంచి ఎనిమిది మంది వరకు ఇక్కడే. ఒక్కరే అయితే బుకింగ్ అక్కర్లేదు, వచ్చేయండి. తొమ్మిది నుంచి పదహారు మంది అయితే కింద ఉన్న "ఫోన్ చేయండి" నొక్కండి, టేబుళ్లు కలిపి వేస్తాం, కానీ 12:00కి, 7:00కి మాత్రమే. అంతకన్నా ఎక్కువ మందికి మా దగ్గర చోటు లేదు. నాలుగేళ్లు దాటిన పిల్లల్ని లెక్కలో కలపండి. ఆరుగురని బుక్ చేసి తొమ్మిది మంది వస్తే ఆ ముగ్గురినీ వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాల్సి వస్తుంది, లేదంటే పక్కవాళ్ల కుర్చీలు లాగాలి. అది ఎవరికీ బాగుండదు. సంఖ్య మారితే ముందే చెప్పండి చాలు.

బుక్ అయినట్టు ఎలా తెలుస్తుంది

ఐదు నిమిషాల్లో వాట్సాప్‌లో ఇలా వస్తుంది:

"మీ టేబుల్ ఖాయం. ఆగస్టు 16, 2026, ఆదివారం, మధ్యాహ్నం 1:30, ఐదుగురు. బుకింగ్ నంబర్ 417. వస్తుంటే 1, రాలేకపోతే 2, మనుషులు మారితే 3 పంపండి."

ఇది రాకపోతే బుక్ కానట్టే, ఒకసారి ఫోన్ చేయండి. అదే రోజు మధ్యాహ్నం వాళ్లకి ఉదయం 9కి, రాత్రి వాళ్లకి సాయంత్రం 4కి మళ్లీ గుర్తు చేస్తాం. జవాబు లేకపోతే ఒకసారి మేమే ఫోన్ చేస్తాం. మీరు ఎత్తకపోయినా టేబుల్ తీసేయం.

ఆలస్యమైతే, రాకపోతే

పదిహేను నిమిషాలు ఆగుతాం. ట్రాఫిక్‌లో ఉన్నామని ఒక్క ఫోన్ కొడితే అరగంట ఆగుతాం. ఆ తర్వాత బయట నిలబడ్డవాళ్లకి ఇచ్చేస్తాం.

చెప్పకుండా రాకపోతే మొదటిసారి ఏమీ అనం, అందరికీ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. రెండోసారి కూడా అలాగే అయితే ఆ నంబర్‌తో చేసే తర్వాతి బుకింగ్‌కి మనిషికి 200 రూపాయలు అడ్వాన్స్ పడుతుంది, వచ్చి తింటే బిల్లులో తగ్గిస్తాం. మూడోసారీ అయితే మూడు నెలలు ఆన్‌లైన్ బుకింగ్ ఉండదు, నేరుగా రావచ్చు. ఇంత చెప్తున్నది ఎందుకంటే, ఆదివారం మధ్యాహ్నం నాలుగు టేబుళ్లు ఖాళీగా పెట్టుకుని, గుమ్మంలో చంటిపిల్లని ఎత్తుకుని నిలబడ్డ అమ్మాయికి "ఇంకా పది నిమిషాలమ్మా" అని చెప్పడం మా వాళ్లకి చాలా కష్టంగా ఉంటుంది. రెండు గంటల ముందు 2 అని పంపినా చాలు, అది ఈ లెక్కలోకి రాదు.

పులస కావాలంటే

జూలై నుంచి సెప్టెంబర్ వరకు, గోదావరికి ఎర్రనీరు వచ్చి చేప ఎదురీదే రోజుల్లో మాత్రమే. దీనికి పద్ధతి వేరు. పులుసు ముందు రోజు సాయంత్రమే మట్టి దాకలో సన్నని సెగ మీద పెడతాం, రాత్రంతా ఊరితేనే దాని రుచి. అందుకే చేప ముందు రోజు పొద్దున్నే కొనాలి. ధర రోజుకొకలా ఉంటుంది, మార్కెట్ నుంచే ఫోన్ చేసి చెప్తాం, మీరు సరే అన్నాకే కొంటాం. అప్పుడు సగం అడ్వాన్స్ యూపీఐలో పంపాలి. కొన్నాక వద్దంటే అడ్వాన్స్ తిరిగి రాదు. కానీ కూర మీదే కాబట్టి ఆ రోజు రాత్రి 10 లోపు మిగతా డబ్బు కట్టి ఎవరినైనా పంపితే పార్సిల్ కట్టి ఇస్తాం. చేపే దొరకకపోతే డబ్బు అడగం, టేబుల్ అలాగే ఉంటుంది.

బిల్లు మీద 5 శాతం జీఎస్టీ తప్ప సర్వీస్ చార్జ్ వేయం. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు ఉంటే బుక్ చేసేటప్పుడు "కింది టేబుల్" అని టిక్ పెట్టండి, గుమ్మం పక్కన రెండున్నాయి.