సాక్షి వాంగ్మూలం

వరంగల్, 19-02-2025

ఎనుమాముల మిర్చి యార్డులో జరిగిన ప్రమాదంపై విచారణ చేస్తున్న పోలీసు అధికారి గారికి,

నా పేరు సమ్మయ్య, తండ్రి కొమురయ్య, వయసు 47, వ్యవసాయం, నివాసం నర్సంపేట. దెబ్బ తగిలింది తూకం వేసే దడ్వాయికి. ఆయన్ను ఇంతకుముందు కాంటాల దగ్గర చూశాను, పేరు తెలియదు. ఆటో డ్రైవర్‌ను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆటోలో ఉన్న సరుకు నాది కాదు.

నిన్న, అంటే 18వ తారీఖు మంగళవారం, మా తేజ మిర్చి కాంటా కోసం షెడ్డు బయట బస్తాల పక్కన నిలబడి ఉన్నాను. మా అన్న ఫోన్ చేశాడు. కాల్ లిస్టులో 10:14 అని ఉంది. మాట్లాడి ఫోన్ జేబులో పెట్టుకుంటుండగా “ఆగు, ఆగు” అని అరుపు వినిపించి అటు తిరిగాను.

పసుపు రంగు ట్రాలీ ఆటో వెనక్కి వస్తోంది. దడ్వాయి దాని వెనక, మాకు వీపు చేసి, చీటీ రాస్తున్నాడు. ఆటో వెనక తలుపు ఆయన నడుముకు తగిలింది, పక్కకు పడ్డాడు. నాకూ ఆటోకూ నడుమ సుమారు 15 అడుగులు. మధ్యలో నడుం ఎత్తు బస్తాల వరుస ఉంది కాబట్టి చక్రాలు కనిపించలేదు. చక్రం కాలి మీదికి ఎక్కిందా లేదా అన్నది నేను చెప్పలేను. నేను తిరిగే ముందు ఆటో ఎంతసేపటి నుంచి వెనక్కి వస్తోందో, ఎంత స్పీడులో వచ్చిందో కూడా తెలియదు.

హారన్ నాకు వినబడలేదు. కొట్టలేదని చెప్పడం లేదు. పక్క లారీ దగ్గర హమాలీలు గట్టిగా అరుస్తూ బస్తాలు దింపుతున్నారు. “ఆగు” అన్నది ఎవరో చూడలేదు.

ఆటో ఆగింది. నేను వరుస చుట్టూ తిరిగి వెళ్లేసరికి దడ్వాయి ఎడమ కాలు పట్టుకుని కూర్చున్నాడు, మడమ దగ్గర నెత్తురు ఉంది. డ్రైవర్ దిగి “అద్దంలో కనబడలే అన్నా” అన్నాడు. ఇది నా చెవులతో విన్నాను. ఇద్దరు హమాలీలు ఆయన్ను ఎత్తి వేరే ఆటోలో కూర్చోబెట్టారు. ఎంజీఎంకు తీసుకుపోతున్నామని వాళ్లలో ఒకరు అన్నారు.

డ్రైవర్ తాగి ఉన్నాడని తర్వాత గుంపులో అనుకున్నారు. నేను అతనికి రెండు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. వాసన రాలేదు, అతని నుంచి ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ వినలేదు. నాకూ అప్పుడు కోపం వచ్చింది గానీ దానికి ఈ కాగితంలో చోటు లేదు. తప్పు ఎవరిదో రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు, అదీ రాయలేదు.

ఆటో నంబరులో చివరి రెండు అంకెలు 47. మిగతావి చదవలేదు.

రెండో పేజీలో “వేగంగా” అన్న మాటను నేనే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

సంతకం: సమ్మయ్య