చదివి, సరైనవన్నీ గుర్తించండి: మూసీ వరద, నీటి నోటీసు

గ్రూప్స్‌కు తయారవుతున్న మన చిక్కడపల్లి ఆదివారం క్లాసు కోసం ఈ పేపర్. సమయం 40 నిమిషాలు, ప్రశ్నలు ఏడు. ఒక్కో ప్రశ్నకు ఐదు ఆప్షన్లు ఉంటాయి. వాటిలో సరైనవి రెండు కావచ్చు, మూడు కావచ్చు, నాలుగు కావచ్చు. ఎన్నో ముందుగా చెప్పను. సరైనవన్నీ గుర్తించి, తప్పు ఒక్కటి కూడా పెట్టకపోతేనే 2 మార్కులు. ఒకటి వదిలేసినా, ఒకటి ఎక్కువ పెట్టినా సున్నా. నెగెటివ్ మార్కులు లేవు.

పోయిన వారం పేపర్లు దిద్దుతుంటే ఒకటి కనిపించింది. రెండు ఆప్షన్లు దొరకగానే చాలామంది తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. మిగిలిన మూడు చదివినట్టే లేదు. ఈసారి ప్రతి ఆప్షన్ పక్కన ‘అవును’ అనో ‘కాదు’ అనో పెన్సిల్‌తో రాయండి. అది ఏ వాక్యం వల్లో ఆ పేరా నంబరు కూడా వేయండి. మీకు చరిత్ర బాగా తెలిసి ఉండొచ్చు, కానీ ఇక్కడ అడిగేది పాఠం ఏం చెప్పిందన్నదే.

మొదటి పాఠం

(1) 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాద్ రూపాన్నే మార్చేసింది. వాన కుండపోతగా కురిసింది. నగరానికి ఎగువన, మూసీ పరీవాహక ప్రాంతంలోని చెరువుల్లో రెండు వందలకు పైగా తెగిపోయి, ఆ నీళ్లు కూడా నదిలోకే వచ్చిపడ్డాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరదను తట్టుకోలేకపోయాయి. వాటన్నిటికంటే పాతదైన పురానాపూల్ మాత్రం నిలబడింది. సుమారు 15 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లోని ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది.

(2) అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909లో ఆయన హైదరాబాద్ వచ్చి వానల తీరు, చెరువులు, నది నడక అన్నీ పరిశీలించారు. వరద నీరు నగరంలోకి రాకముందే ఎగువన ఆపేలా జలాశయాలు కట్టాలన్నది ఆయన సూచనల్లో ముఖ్యమైనది. నగరంలో నది గట్లను ఎత్తు చేయాలని, ఒడ్డున తోటలు వేయాలని, మురుగునీటి వ్యవస్థను ఏర్పాటు చేయాలని కూడా ఆయన చెప్పారు.

(3) 1911లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయాక మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. జలాశయాలు పూర్తయింది ఆయన కాలంలోనే. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, మూసీ ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. వరదను ఆపడానికే తలపెట్టినా, నగరానికి తాగునీరు కూడా ఇవే ఇచ్చాయి. ఉస్మాన్ సాగర్‌ను జనం ఇప్పటికీ గండిపేట అనే అంటారు. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలిపోరన్న నానుడి పాతబస్తీలో ఇంకా వినిపిస్తుంది.

(4) ఈ రెండు జలాశయాలను కాపాడేందుకు 1996లో ప్రభుత్వం 111 జీవో ఇచ్చింది. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను, కాలుష్యానికి కారణమయ్యే ఇతర సంస్థలను నిషేధించింది. నేడు నగరానికి నీళ్లు ఎక్కువగా కృష్ణా, గోదావరి నదుల నుంచి వస్తున్నాయి.

ప్రశ్నలు

1. పేరా 1 ప్రకారం సరైనవి ఏవి?
అ. తెగిన చెరువుల నీళ్లు మూసీలో కలిశాయి.
ఆ. చెరువులు తెగడం ఒక్కటే వరదకు కారణం.
ఇ. నగరం లోపలి చెరువులు రెండు వందలకు పైగా తెగాయి.
ఈ. పురానాపూల్ చాదర్‌ఘాట్ వంతెన కంటే పాతది.
ఉ. పురానాపూల్‌ను 1578లో కట్టారు.

2. చింతచెట్టు గురించి పాఠం చెప్పినవి ఏవి?
అ. దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారని చెబుతారు.
ఆ. వరదలో బతికి బయటపడ్డవాళ్లు దాదాపు 150 మందే.
ఇ. వరద వచ్చినప్పుడు ఆ చెట్టు ఆస్పత్రి ఆవరణలో ఉంది.
ఈ. నేడు కూడా ఆ చెట్టు ఆస్పత్రి ఆవరణలోనే ఉంది.
ఉ. చెట్టెక్కినవాళ్లను అప్పటి అధికారులు లెక్కపెట్టి నమోదు చేశారు.

3. పాఠం ప్రకారం విశ్వేశ్వరయ్య సూచించినవి ఏవి?
అ. నగరానికి ఎగువన నీటిని ఆపడం
ఆ. నగరానికి దిగువన నీటిని ఆపడం
ఇ. నగరంలో నది గట్లను ఎత్తు చేయడం
ఈ. నగరంలో నదిని లోతు చేయడం
ఉ. నది ఒడ్డున తోటలు వేయడం

4. కాలానికి, స్థలానికి సంబంధించి సరైనవి ఏవి?
అ. వరద వచ్చినప్పుడు నిజాం మహబూబ్ అలీ ఖాన్.
ఆ. విశ్వేశ్వరయ్యను పిలిపించింది ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం.
ఇ. రెండు జలాశయాలూ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో పూర్తయ్యాయి.
ఈ. రెండు జలాశయాలనూ మూసీ మీదే కట్టారు.
ఉ. ఉస్మాన్ సాగర్ పూర్తయిన ఏడేళ్లకు హిమాయత్ సాగర్ పూర్తయింది.

5. పేరా 3, 4 చదివి మనం నిలబెట్టుకోగల మాటలు ఏవి?
అ. జలాశయాలను మొదట తాగునీటి కోసమే తలపెట్టారు.
ఆ. వరద కోసం తలపెట్టిన జలాశయాలు తాగునీటికీ ఉపయోగపడ్డాయి.
ఇ. 111 జీవో 10 కిలోమీటర్ల పరిధిలో ప్రతి కట్టడాన్నీ నిషేధించింది.
ఈ. 111 జీవో నిషేధించినవాటిలో నివాస కాలనీలూ ఉన్నాయి.
ఉ. నేడు నగరానికి నీళ్లు కృష్ణా, గోదావరి నుంచి మాత్రమే వస్తున్నాయి.

రెండో పాఠం

మల్కాజ్‌గిరిలోని ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన అంటించిన నోటీసు:

*బి బ్లాక్ వారికి మనవి. గురువారం ఉదయం 6 గంటల నుంచి శుక్రవారం ఉదయం 6 గంటల వరకు మరమ్మతుల వల్ల జలమండలి నీళ్లు రావు. ఆ 24 గంటల్లో బోరు నీళ్లు మాత్రం ఉదయం 7 నుంచి 8 వరకు, సాయంత్రం 6 నుంచి 7 వరకు వదులుతాం. తాగునీళ్లు ఎవరికి వారు బుధవారమే పట్టుకోవాలి. ట్యాంకర్ కావాలంటే మూడో అంతస్తులోనూ ఆపైనా ఉన్నవారు బుధవారం మధ్యాహ్నంలోగా వాచ్‌మన్‌కు చెప్పాలి, పైకి పైపు వేయడానికి టైమ్ పడుతుంది. ట్యాంకర్ ఖర్చు తెప్పించుకున్న ఫ్లాట్ల వారే పంచుకోవాలి. గురువారం ఎవరూ కార్లు కడగవద్దు. మొక్కలకు పైపు పెట్టవద్దు, మగ్గుతో పోసుకోవచ్చు.*

6. నోటీసు ప్రకారం సరైనవి ఏవి?
అ. గురువారం సాయంత్రం 6:30కి బోరు నీళ్లు వస్తాయి.
ఆ. శుక్రవారం ఉదయం 7:30కి బోరు నీళ్లు వదులుతామని నోటీసు చెప్పింది.
ఇ. గురువారం మొక్కలకు మగ్గుతో నీళ్లు పోయవచ్చు.
ఈ. గురువారం కారును మగ్గుతో కడగవచ్చు.
ఉ. గురువారం మొక్కలకు కొద్దిసేపు పైపు పెట్టవచ్చు.

7. ట్యాంకర్ గురించి సరైనవి ఏవి?
అ. ఖర్చును బి బ్లాక్‌లోని ఫ్లాట్లన్నీ పంచుకోవాలి.
ఆ. ఖర్చును ట్యాంకర్ తెప్పించుకున్న ఫ్లాట్లు పంచుకోవాలి.
ఇ. నాలుగో అంతస్తువారు ట్యాంకర్ కావాలంటే బుధవారం మధ్యాహ్నంలోగా చెప్పాలి.
ఈ. రెండో అంతస్తువారు బుధవారం మధ్యాహ్నంలోగా చెప్పాలన్న షరతు నోటీసులో లేదు.
ఉ. మూడో అంతస్తువారు ట్యాంకర్ కావాలంటే బుధవారం మధ్యాహ్నంలోగా చెప్పాలి.

జవాబులు, ఎందుకు

పేపర్ పూర్తయ్యాకే ఈ భాగం చూడండి.

1. అ, ఈ. ‘ఆ’ చాలామందిని పడగొడుతుంది. చెరువులు తెగాయన్నది నిజమే, కానీ పాఠం వాన గురించి కూడా చెప్పింది, పైగా ‘ఆ నీళ్లు కూడా’ అంది. ఆ ‘కూడా’ ఉన్నంతవరకు ‘ఒక్కటే’ నిలబడదు. ‘ఇ’లో మార్చింది చోటు ఒక్కటే: పాఠంలో నగరానికి ఎగువన, ఆప్షన్‌లో నగరం లోపల. ‘ఉ’ దగ్గర బాగా చదివినవాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పురానాపూల్ 1578 నాటిదన్నది నిజమే. అయినా పేరా 1లో ఆ సంవత్సరం లేదు, కాబట్టి ఇక్కడ అది జవాబు కాదు.

2. అ, ఇ, ఈ. చెట్టెక్కి బతికినవాళ్లు 150 మంది, వరదలో బతికినవాళ్లు 150 మంది, ఈ రెండూ ఒకటి కావు. ‘ఆ’లో అంకె అదే ఉండేసరికి కన్ను మోసపోతుంది. ‘ఉ’ విషయానికొస్తే, పాఠంలో ఉన్నది ‘చెబుతారు’. అంటే జనం నోట నిలిచిన మాట. ఎవరో లెక్కపెట్టి రాసిపెట్టారని దాన్నుంచి తీసుకోలేం.

3. అ, ఇ, ఉ. ఇక్కడ తికమక అంతా జంటలదే: ఎగువ, దిగువ; ఎత్తు, లోతు. జంటలో ఒకటి తప్పు గనుక రెండోది ఒప్పు అయి తీరాలనేమీ లేదు, కొన్ని ప్రశ్నల్లో రెండూ తప్పే కావచ్చు. దేనికది పాఠంతో పోల్చుకోండి.

4. అ, ఇ, ఉ. వరద 1908లో, పిలుపు పేరా 2లో, గద్దె మారింది 1911లో. మార్జిన్‌లో ఈ మూడూ వరసగా రాసుకుంటే ‘ఆ’ దానంతట అదే పోతుంది. ‘ఉ’ కోసం చిన్న తీసివేత చాలు, 1927లోంచి 1920. పాఠంలో ‘ఏడేళ్లు’ అన్న మాట లేదని దీన్ని వదిలేయకండి. పాఠంలోని అంకెలతోనే తేలే లెక్క పాఠం చెప్పినట్టే. 1578కీ దీనికీ తేడా అదే: అది బయటి నుంచి తెచ్చిన అంకె, ఇది లోపలిది.

5. ఆ, ఈ. ఈ పేపర్లో నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే. అసలు పరీక్షలో మార్కులు ఎక్కువగా పోయేది ఇలాంటి చోటే. ‘అ’, ‘ఆ’ రెండింటిలోనూ జలాశయం, తాగునీరు ఉన్నాయి. తేడా అంతా దేని కోసం తలపెట్టారన్నదాంట్లో ఉంది. పేరా 3 ‘వరదను ఆపడానికే తలపెట్టినా’ అని స్పష్టంగా చెప్పింది. ‘ఇ’లో ‘ప్రతి కట్టడం’ అన్నారు, పాఠం మాత్రం ఏవేవో పేర్లు పెట్టి చెప్పింది. ఆ జాబితాలో కాలనీలు ఉన్నాయి గనుక ‘ఈ’ సరైనదే. ఇక ‘ఉ’: ‘ఎక్కువగా’ను ‘మాత్రమే’ చేశారు. అన్నీ, ప్రతి, ఒక్కటే, మాత్రమే, ఎప్పుడూ లాంటి మాటలు ఆప్షన్‌లో కనిపిస్తే కింద గీత గీసి, పాఠంలో వాటికి ఆధారం ఉందో లేదో వెతకండి. అవి ఉంటే ఆప్షన్ తప్పే అనుకోవడం కూడా పొరపాటే. ‘గురువారం ఎవరూ కార్లు కడగవద్దు’ అని నోటీసే అంది చూడండి.

6. అ, ఇ. బోరు నీళ్ల సమయాలు ‘ఆ 24 గంటల్లో’ మాత్రమే. ఆ గడువు శుక్రవారం ఉదయం 6కే అయిపోతుంది కాబట్టి 7:30 గురించి నోటీసు ఏమీ అనలేదు. మగ్గు మినహాయింపు మొక్కలకు ఇచ్చింది, కార్లకు కాదు. ‘ఉ’లోని ‘కొద్దిసేపు’ నోటీసులో ఎక్కడా లేదు.

7. ఆ, ఇ, ఈ, ఉ. నాలుగు సరైనవి ఉండటం చూసి కంగారుపడి ఒకటి కొట్టేసినవాళ్లు ఉంటారు. ‘మూడో అంతస్తులోనూ ఆపైనా’ అంటే మూడోదీ అందులోదే, నాలుగోదీ అందులోదే. ‘ఈ’ని మెల్లగా చదవాలి. రెండో అంతస్తువారికి ట్యాంకర్ రాదని గానీ, వాళ్లు ఎవరికీ చెప్పక్కర్లేదని గానీ అది అనడం లేదు. వాళ్లకు ఆ షరతు నోటీసులో లేదని మాత్రమే అంటోంది, అది నిజం.

వచ్చే ఆదివారం ఈ కాగితాలు, పెన్సిల్ గుర్తులతో సహా, వెంట తీసుకురండి. సున్నా వచ్చిన ప్రశ్నల్లో ఏ ఆప్షన్ దగ్గర ‘అవును’ను ‘కాదు’గా మార్చారో, అక్కడి నుంచే మొదలుపెడదాం.