ఒకరు తక్కువ

కటాక్షపూర్ చెరువు మత్తడి పోస్తోంది. రాత్రంతా పడ్డ వానకు నీళ్ళు జాతీయ రహదారి మీదికి ఎక్కాయి. ములుగు నుంచి హనుమకొండకు పొద్దున్నే బయలుదేరిన పల్లెవెలుగు బస్సు ముప్పావుగంటగా వరుసలో నిలబడి ఉంది. ముందు లారీలు, వెనుక అదే దారిలో వచ్చిన ఇంకో పల్లెవెలుగు. పోలీసులు ఒక్కో బండినే వదులుతున్నారు. ఎంతసేపని కూర్చుంటారు? సగం మంది దిగి నీళ్ళు చూస్తూ, ఫోన్లలో ఇళ్ళకు కబురు చెబుతూ రోడ్డు పక్కన నిలబడ్డారు.

ఈల వినబడగానే అందరూ ఒక్కసారిగా తలుపు దగ్గర గుమిగూడారు. కండక్టరు స్వరూప చివరి మనిషిని ఎక్కించుకుని, వెనుక సీటు నుంచి ముందుకు తలలు లెక్కపెడుతూ వచ్చింది. టికెట్లు కొట్టే టిమ్ మిషను లెక్క ప్రకారం బస్సులో ఉండాల్సినవారు 48 మంది. ఆమెకు వచ్చింది 47.

"రైట్ చెప్పు చెల్లెమ్మా, వెనుక వాళ్ళు హారన్ కొడుతున్నారు" అన్నాడు డ్రైవరు సమ్మయ్య.

"ఒక్క నిమిషం అన్నా. ఒకరు తక్కువ వస్తున్నారు."

"తక్కువైతే మనకేం భయం? ఎక్కువైతే కదా భయపడాల్సింది!"

ఆ మాట నిజమే. టికెట్ల కంటే మనుషులు ఎక్కువ ఉన్నప్పుడు తనిఖీ వాళ్ళు బస్సు ఎక్కితే కండక్టరు ఉద్యోగానికే ముప్పు. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక కూడా ఆ భయం పోలేదు. డబ్బు లేకపోయినా జీరో టికెట్ కొట్టి తీరాలి, ఒక్క జీరో టికెట్ మరిచిపోయినా సంజాయిషీ రాసుకోవాలి. మనుషులు తక్కువైతే మాత్రం అడిగేవారు లేరు. ఎక్కడో దిగిపోయి ఉంటారని రాసుకునే అవసరం కూడా లేదు. కండక్టర్లు రోజూ చేసే లెక్కల్లో ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేని లెక్క ఇదొక్కటే.

స్వరూప ఈసారి ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టింది. నిలబడ్డవాళ్ళను ఒక పక్కకు జరగమని, ఒక్కొక్క సీటు మీద చెయ్యి పెడుతూ వెళ్ళింది. 48.

"సరిపోయింది!" అన్నాడు ముందు సీట్లోని పెద్దమనిషి, ఆమె పెదవులు కదలడం చూసి. బస్సంతా ఊపిరి పీల్చుకుంది. సమ్మయ్య గేరు మీద చెయ్యి వేశాడు.

ఆమె నోట రైట్ రాలేదు. ఒకసారి 47, ఒకసారి 48. మిషనుతో కలిసింది కాబట్టి రెండోదే నిజమనుకోవాలని మనసు లాగుతోంది. కలిసిందన్నది తప్ప ఆ లెక్క మీద నమ్మకానికి ఇంకో కారణమేమీ లేదు. మొదటిసారి ఎవరిని వదిలేసింది? లేదా రెండోసారి ఎవరిని కలిపింది?

ఆమె వెనక్కి తిరిగి ఒక్కో సీటూ చూసింది. ఆరో వరుసలో కిటికీ పక్కన ఒక తల్లి, పక్కన ఒక పాప. అంతకుముందు ఆ పాప తల్లి ఒడిలో నిద్రపోతూ ఉంది. గోలకు లేచి సీట్లో కూర్చుంది.

"పాపకు ఎన్నేళ్ళమ్మా?"

"మొన్ననే మూడు నిండాయి మేడం."

ఐదేళ్ళు నిండని పిల్లలకు టికెట్ ఉండదు. మిషను లెక్కలో ఆ పాప లేదు. రెండో లెక్కలో ఉంది. అంటే మొదటి 47 నిజం.

"సమ్మయ్యన్నా, బండి పక్కకు తీసి ఆపు."

"వరుస తప్పితే మళ్ళీ ఎప్పటికి వదులుతారో!"

"తెలుసు. మనిషి లేడు అన్నా. అటు పక్క మత్తడి పోస్తోంది."

ఆ మాటతో సమ్మయ్య ఇంకేమీ అనలేదు. స్టీరింగు ఎడమకు తిప్పాడు.

లోపల గొణుగుడు మొదలైంది. కోర్టు వాయిదా ఉందని ఒకరు, పరీక్ష ఉందని ఒకరు. వాళ్ళ తొందర ఆమెకు అర్థమైంది. గొంతు పెంచి, "ఎవరు లేరో తేలితే చాలు, రెండు నిమిషాల పని. హనుమకొండ వాళ్ళు చేతులెత్తండి" అంది. మిషనులో హనుమకొండకు 33. చేతులూ 33. ఆరెపల్లికి 6, ఆరుగురూ ఉన్నారు. గూడెప్పాడుకు 9 ఉండాలి. ఎనిమిది చేతులే లేచాయి.

గూడెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ములుగులో నలుగురు ఆడవాళ్ళు, జీరో టికెట్లు, అందరూ ఇక్కడే ఉన్నారు. మల్లంపల్లిలో ఇద్దరు విద్యార్థులు, ఉన్నారు. జాకారంలో ముగ్గురు. భార్యాభర్తలు, వాళ్ళ వెనకే ఒక ముసలాయన. రూపాయి, రెండు రూపాయల నాణేలు అరచేతిలో పోసి, "నువ్వే లెక్క చూసుకో బిడ్డా" అన్నాడు. రెండుసార్లు గట్టిగా అడిగితే గానీ ఊరి పేరు చెప్పలేదు. చెవులు సరిగా వినబడవు.

"ఇక్కడ కూర్చున్న తాత ఎటు వెళ్ళాడు?"

"బీడీ కోసం దిగాడు మేడం" అన్నాడు ఒక కుర్రాడు. "మళ్ళీ ఎక్కాడనుకున్నాను."

స్వరూప దిగి పరుగెత్తింది. రోడ్డు అంచున కట్టిన తాడు దాకా వెళ్ళి, అక్కడున్న పోలీసును అడిగింది. ముసలివాళ్ళెవరూ ఇటు రాలేదన్నాడు. ఎర్రమట్టి నీళ్ళు రోడ్డును కోసుకుంటూ అవతలి పొలాల్లోకి దూకుతున్నాయి. ఆ చప్పుడులో పిలిస్తే చెవులు బాగున్నవాడికే వినబడదు. అయినా ఆమె "తాతా!" అని రెండు పక్కలకూ కేక వేసింది.

అప్పటికి వెనుక ఉన్న పల్లెవెలుగు వాళ్ళ బస్సును దాటుకుని ముందుకు వస్తోంది. తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు లోపలికి తిరిగి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. స్వరూప చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మీ బస్సులో లెక్క సరిపోయిందా తమ్ముడూ?"

"ఎక్కడ అక్కా! ఒకరు ఎక్కువ వస్తున్నారు. ఈయన దగ్గర టికెట్ ఉంది గానీ అది నా మిషనుది కాదు. ఎక్కడ కొన్నావంటే ఇక్కడే కొన్నానంటాడు."

మూడో వరుసలో కిటికీ పక్కన ముసలాయన కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కొంగు ముడిలో నుంచి తీసిన టికెట్ ఇంకా చేతిలోనే ఉంది. చెమటకు, వానకు తడిసి కాగితం మెత్తబడింది. అక్షరాలు సగం చెరిగినా జాకారం, గూడెప్పాడు అని చదవడానికి వస్తోంది. కింద స్వరూప మిషను నంబరు.

"తాతా, ఇది మన బస్సు కాదు!" అంది చెవి దగ్గర వంగి.

ఆయన ఆమె ముఖంలోకి చూసి, ఆ కండక్టరును చూసి, అప్పుడు గుర్తుపట్టాడు. "అదే రంగు, అదే సీటు బిడ్డా. డబ్బులిచ్చాను కదా అంటే ఈ బాబు వినడం లేదు."

"ఇచ్చావు తాతా. నాకు ఇచ్చావు. రా."

చెయ్యి పట్టుకుని దింపింది. ఆ కండక్టరు మళ్ళీ ఒకసారి తలలు చూసుకుని, సరిపోయిందన్నట్టు చెయ్యి ఊపి రైట్ చెప్పాడు.

తాత ఎక్కేసరికి కోర్టు వాయిదా మనిషి లేచి ఆయనకు ముందు సీటు ఇచ్చాడు. స్వరూప ఇంకోసారి లెక్కపెట్టింది, పాపను వదిలేసి. 48. పోలీసు ఆ బస్సును మళ్ళీ వరుసలోకి రానిచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. బస్సు నీళ్ళలోకి మెల్లగా దిగి, అవతలి ఒడ్డుకు ఎక్కింది.

గూడెప్పాడులో తొమ్మిది మంది దిగారు. ఏడుగురు ఎక్కారు. స్వరూప మిషనులో స్టేజీ మార్చి, ముందు ఎక్కిన ఆమెను ఆధార్ చూపించమంది.