ప్లంబర్ టూ

రాత్రి 1:40. మూర్తి మంచం మీద పడుకుని ఫోన్‌లో పేర్లు పైకీ కిందికీ జరుపుతున్నాడు. ఫోన్ కొత్తది. పాతదానిలో బ్యాకప్ పెట్టుకోలేదు, అందుకని నంబర్లు వచ్చాయిగానీ మాటలు రాలేదు. ఎవరి పేరు నొక్కినా ఖాళీ తెర. పైన పసుపు పెట్టెలో మాత్రం, ఈ సందేశాలు మీరిద్దరు తప్ప ఇంకెవరూ చదవలేరని ఓ హామీ. చదవడానికి ఏముంది గనక!

అన్నయ్య పేరు దగ్గర ఆగాడు. ఈ వేళప్పుడు మెసేజ్ వెళ్తే అన్నయ్య కన్నా ముందు వదిన చూస్తుంది. చూసి, మరిదికేమైందోనని ఇంటిల్లిపాదినీ లేపుతుంది. పాత ఆఫీసు స్నేహితుడికి పెడితే పొద్దున్నే "ఏంటి విషయం?" అని వస్తుంది. విషయమేం లేదంటే నమ్మడు. అప్పు అడగబోయి మొహమాటపడ్డాడనుకుంటాడు. ఆ కింద ఇంకో పేరుంది, నాలుగేళ్ల కిందట ఈ ఇంట్లోంచి వెళ్లిపోయిన మనిషిది. దాన్ని చూడనట్టే దాటించేశాడు.

పగలు ఊరికే పలకరిస్తే మర్యాదట. అదే పలకరింపు అర్ధరాత్రి చేస్తే ఏదో జబ్బు చేసినట్టే. ఎవరు పెట్టారో ఈ రూలు.

ప్లంబర్ వన్. ప్లంబర్ టూ.

వన్ అనేవాడు వస్తానని చెప్పి రాని మనిషి. టూ మాత్రం ఎప్పుడో వచ్చి ట్యాంకులో ఫ్లోట్ వాల్వు మార్చాడు. పని జరిగినంతసేపూ కూతురికి లెక్కల్లో వచ్చిన మార్కుల గురించే చెప్పాడు. మనిషి మొహం గుర్తులేదుగానీ మార్కులు గుర్తున్నాయి, 91.

మూర్తి hi అని కొట్టాడు. పంపేశాడు.

ఒక టిక్కు పడింది. పడగానే భయమేసింది. చెరిపేద్దామని వేలు అదిమిపెట్టి, ఆగిపోయాడు. చెరిపితే 'సందేశం తొలగించబడింది' అన్న ముక్క మిగులుతుంది. hi కన్నా అదే అనుమానంగా ఉంటుంది. ఈ తర్జనభర్జనలో ఉండగానే రెండో టిక్కూ పడింది, రెండూ నీలమైపోయాయి.

"చెప్పండి సార్. ఎక్కడ లీకు?"

మూర్తి లేచి కూర్చున్నాడు. లీకు లేదని చెప్పొచ్చు. చెబితే మరి hi దేనికని అడుగుతాడు.

"వంటింట్లో కుళాయి" అని కొట్టాడు. "కారుతోంది."

"వీడియో పెట్టండి."

వంటింట్లో లైటేసి చూస్తే కుళాయి ఎండిపోయి ఉంది. నిక్షేపంగా పనిచేసే కుళాయిని ఇంతగా తిట్టుకున్నవాడు ఇంకొకడుండడు. పిడి పట్టుకుని కాస్త తిప్పాడు. ఎక్కువైంది, ధార కట్టింది. తగ్గించాడు. చుక్క, చుక్క. అచ్చం పాడైనదానిలాగే. వీడియో తీసి పంపాడు.

ఈసారి వాయిస్ మెసేజ్ వచ్చింది. పక్కనెవరో నిద్రపోతున్నట్టు గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "సార్, వాషర్ పోతే కట్టినా కారుద్ది. మీరసలు కట్టనేలేదు. పిడి ఇంకా ఇటు తిరిగే ఉంది చూడండి. బిగించండి, ఆగిపోద్ది."

మూర్తి బిగించాడు. ఆగిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఆగింది. సారీ. నిద్ర చెడగొట్టాను."

"నిద్రెక్కడ సార్. పాపని ఇవాళే హాస్టల్లో దింపొచ్చాం. మా ఇంటామె ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది. నాకేమో ఇల్లు ఇల్లులా లేదు."

మూర్తి ఏదో ఓదార్పు మాట రాయబోయాడు. అన్నీ పెళ్లిశుభలేఖల్లో వాక్యాల్లా వస్తున్నాయి. చెరిపేసి, "లెక్కల్లో 91 వచ్చిన పాపేనా?" అని పెట్టాడు.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒకటే పెద్ద వాయిస్ మెసేజ్. వంటింటి గట్టుకి ఆనుకుని మొత్తం విన్నాడు. 91 ఏడో తరగతిలో మాటట. పోయినేడు 98. ఆ రెండు మార్కులూ ఎందుకు పోయాయో, పాప పేపరు మళ్లీ దిద్దమని ఎలా పట్టుబట్టిందో, హాస్టల్ గేటు దగ్గర వెనక్కి తిరక్కుండా ఎలా వెళ్లిపోయిందో. "మీకెట్టా గుర్తుంది సార్ అది?"

"మీరు చెప్పారుగా."

"అవును, చెప్పుంటా. అందరికీ చెప్తా." కాసేపటికి ఇంకోటి వచ్చింది. "పొద్దున పదింటికి వస్తా సార్. ఆ వాషర్ మారుద్దాం."

"కుళాయి బానే ఉందిగా."

"పాతది సార్. అరిగే ఉంటది."

మూర్తి లొకేషన్ పంపాడు. తర్వాత ఇల్లంతా ఒకసారి చూశాడు. హాల్లో ఉతికిన బట్టలు కుప్పగా ఉన్నాయి. రెండో కుర్చీ మీద పాత పేపర్లు.

"పదిన్నర చేయండి" అని కొట్టాడు. "కొంచెం సర్దుకోవాలి."