నైట్ ఆడిట్ రిపోర్టు – 14 నవంబరు 2025, శుక్రవారం

మేనేజర్ గారికి,

డే క్లోజ్ రాత్రి 2:40కి పూర్తయింది. 48 గదుల్లో 39 నిండాయి. 210 ఏసీ రిపేరులో ఉంది.

క్యాష్‌లో 1,200 తగ్గింది. సిస్టమ్‌లో 39,650, డ్రాయర్‌లో 38,450. రెండుసార్లు లెక్కపెట్టాను. కారణం దొరికింది: 207 వాళ్ల రెస్టారెంట్ బిల్లు ఫోన్‌పేలో కట్టారు, మనవాళ్లు క్యాష్‌గా ఎక్కించారు. యూపీఐ లిస్టులో సరిగ్గా 1,200 ఎక్కువగా కనిపిస్తోంది. ఎంట్రీ సరిచేశాను, స్లిప్పు జతపరిచాను. డబ్బు ఎక్కడికీ పోలేదు. సాయంత్రం షిఫ్టు అబ్బాయిని ఏమీ అనకండి, ఆ టైములో కౌంటర్ దగ్గర ఒక్కడే ఉన్నాడు.

312కి అద్దె 2,800 బదులు 3,200 పడింది. 400, దాని మీద 5 శాతం జీఎస్టీ 20, మొత్తం 420 తగ్గించాలి. మీ సంతకం లేకుండా నేను ముట్టుకోలేదు. గెస్టు 10 గంటలకు ఖాళీ చేస్తారు, ఈలోపే చూడండి.

రానివాళ్లు ఇద్దరు. ఒకటి ఆన్‌లైన్ బుకింగ్, కార్డు గ్యారంటీ ఉంది, ఒక రాత్రి అద్దె వేశాను. రెండోది ఫోన్ బుకింగ్, అడ్వాన్సు లేదు, ఫోన్ స్విచాఫ్. గది వదిలేశాను.

చెన్నై ఫ్యామిలీని మాత్రం నో-షో చేయలేదు. పుత్తూరు దగ్గర కారు ఆగిపోయిందట. పెద్దావిడ కూడా ఉన్నారు, ఉదయం 6కి వస్తామన్నారు. 104 వాళ్లదే, దయచేసి ఎవరికీ ఇవ్వకండి.

రావలసినవి: 405 కంపెనీ బిల్లు 18,600, లెటర్ ఇంకా రాలేదు. 118 బాకీ 2,350. ఆయన 5 గంటలకే దర్శనానికి బయల్దేరుతున్నారు, వెళ్లేలోపు నేనే వసూలు చేస్తాను.

– నైట్ ఆడిటర్