నాన్నగారి ప్రథమ వర్ధంతి

శ్రీ సుబ్బారావు గారు
రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, తెనాలి డిపో
1958 – 21 నవంబరు 2024

నాన్న వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. తిథి ప్రకారం కార్తీక బహుళ షష్ఠికి, అంటే పదకొండు రోజుల కిందటే, ఇంట్లో సంవత్సరీకం పెట్టుకున్నాం. ఆ రోజు రాలేకపోయిన బంధువుల కోసం, డిపోలో ఆయనతో పనిచేసినవాళ్ల కోసం ఈ ఫోటో పెడుతున్నాను.

ఇది 2016లో రిటైరైన రోజున డిపో గేటు ముందు తీసింది. మెడలో బంతిపూల దండ, భుజాన తోలు సంచి. నిజానికి సంచి అప్పటికే అప్పగించేశారు. ఫోటో అనేసరికి "అది లేకపోతే ఎవరో పెళ్లికొచ్చినవాడిలా ఉంటాను" అని మళ్లీ అడిగి తెచ్చుకుని తగిలించుకున్నారు. పక్కనున్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు, ఆయనా నవ్వారు. హాల్లో దండ వేసిన ఫోటోలో ఈ నవ్వు ఉండదు. అది ఐడీ కార్డు కోసం దిగింది.

పైన "అశ్రునివాళి" అని పెడదామన్నాడు అన్నయ్య. అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న ఎదుట ఎవరన్నా కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆయన లేచి అవతలికి పోయేవారు. ఆ మాట వద్దు" అంది. అందుకే పేరు, ఉద్యోగం, సంవత్సరాలు మాత్రమే రాశాం.

33 ఏళ్ల సర్వీసులో ఎక్కువ భాగం తెనాలి - రేపల్లె పల్లెవెలుగులోనే గడిచింది. చెవి మీద పెన్ను, చంకలో టికెట్ల ట్రే, సీటుకి నడుం ఆనించి టికెట్ల లెక్క కాగితం, అదే ఎస్సార్, రాసుకోవడం. బస్సు ఎంత కుదిపినా అంకె వంకర పోయేది కాదు. మెషిన్లు వచ్చాక కూడా పెన్ను చెవి మీదే ఉండేది, ఎందుకంటే చిల్లర సంగతి మెషిన్‌కి తెలియదుగా.

ఆ చిల్లర గురించే చెప్పాలి. టికెట్ వెనక బాకీ రాసివ్వడం ప్రతి కండక్టరూ చేసే పనే. అడగడం మర్చిపోయి దిగిపోయినవాళ్ల లెక్క కూడా నాన్న జేబులో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. పేర్లు తెలియవు కాబట్టి ఆనవాళ్లు రాసేవారు. "భట్టిప్రోలు, రేడియో తాత, 1.50." "వేమూరు, కవల పిల్లల తల్లి, 3." మళ్లీ ఎప్పుడో వాళ్లు అదే బస్సు ఎక్కితే ఇచ్చేసి, పక్కన టిక్కు పెట్టేవారు. కొన్ని టిక్కుల పక్కన తేదీ చూస్తే మధ్యలో ఏడెనిమిది నెలలు ఉన్నాయి. మాకు ఈ పుస్తకం సంగతే తెలియదు. మొన్న సంవత్సరీకానికి ట్రంకుపెట్టె సర్దుతుంటే ఖాకీ చొక్కా మడతలో దొరికింది.

ఇంట్లో మాత్రం ఆయన లెక్కలో మేము ఎప్పుడూ చివరి సీటే. సంక్రాంతికి స్పెషల్ బస్సులు, సెలవులు ఉండవు. ఊరందరినీ ఇళ్లకి చేర్చి ముక్కనుమ నాడు వచ్చేవారు. అరిసెలు అప్పటికి గట్టిపడిపోయేవి. వాటిని టీలో ముంచుకుని తింటూ "ఇలాగే బాగుంటాయి" అనేవారు. చిన్నప్పుడు నిజమేననుకున్నాను. నాకు ఇప్పటికీ అరిసె అలాగే తినడం అలవాటు.

చివరి నాలుగు నెలలు ఆస్పత్రుల్లో గడిచాయి. అది రాయను, ఆయనకి నచ్చదు. ఆ రోజుల్లో డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చి రాత్రిళ్లు మాతో కూర్చున్న డిపో బాబాయిలకి మాత్రం మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి నమస్కరిస్తున్నాం.

ఆ నోటుబుక్కు చివరి పేజీలో టిక్కు లేని లైన్లు మూడున్నాయి. రెండింట్లో ఊరు పేరు చెరిగిపోయింది. మూడోది స్పష్టంగా ఉంది: "వేమూరు, అరటిగెలల ఆయన, ఎడమచేతికి కట్టు, 12 రూపాయలు." 2016, రిటైర్మెంటుకి వారం ముందు రాసింది. అమ్మ ఆ పన్నెండు రూపాయలు విడిగా తీసి దేవుడి గూట్లో పెట్టింది. వేమూరు వైపు వాళ్లెవరికైనా ఆయన తెలిస్తే దయచేసి మాకు కబురు చేయండి.

ఇట్లు,
అమ్మ, అన్నయ్య, వదిన, నేను, పిల్లలు
తెనాలి, 21 నవంబరు 2025