విషయం: 2026 జనవరి 1 నుంచి పేజీ ధరలో మార్పు

విజయవాడ,
17 నవంబర్ 2025

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి తెలుగు పత్రికలు, ప్రత్యేక సంచికలు తెస్తున్న సంపాదక మిత్రులకు నమస్కారం.

ముందుగా అసలు విషయం చెబుతాను. పేజీ మేకప్‌కు, ప్రూఫులు దిద్దడానికి కలిపి ఇప్పటివరకు పేజీకి 4 డాలర్లు తీసుకుంటున్నాను. జనవరి 1 నుంచి అది 5 డాలర్లు అవుతుంది. అంటే 64 పేజీల సంచికకు 256 డాలర్ల బదులు 320 డాలర్లు. ఈ-బుక్ తయారీ 60 డాలర్ల నుంచి 75 డాలర్లకు మారుతుంది. అను ఫాంట్లలో ఉన్న పాత రచనలను యూనికోడ్‌లోకి మార్చే పనికి ధర పెంచడం లేదు, అది పేజీకి 1 డాలరుగానే ఉంటుంది.

ఇప్పటి ధరలు 2021లో అనుకున్నవి. అప్పుడు డాలరు 74 రూపాయల దగ్గర ఉండేది, ఇప్పుడు 88 దాటింది. ఆ లాభం మీకే వచ్చింది కదా అని మీలో ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఇన్నేళ్లూ ధర పెంచకుండా ఉండగలిగింది ఆ తేడా వల్లనే. అయితే పేజీల సాఫ్ట్‌వేర్‌కు నేను కట్టే చందా కూడా డాలర్ల లెక్కతోనే ముడిపడి ఉంది. అంతకన్నా ముఖ్యంగా, పని స్వభావమే మారింది.

ఒకప్పుడు రచనలు చాలావరకు టైపు చేసి వచ్చేవి. ఇప్పుడు సగానికి పైగా ఫోనులో మాట్లాడి టైపు చేయించినవో, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపినవో ఉంటున్నాయి. రచయితలు పెద్దవారు, దేశం కాని దేశంలో ఉండి తెలుగులో రాస్తున్నారు. ఏ రూపంలో పంపినా నాకు సంతోషమే, వారిని మార్చమని నేను ఎప్పుడూ అడగను. కానీ ఫోను విని రాసిన తెలుగులో ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు పొట్టివవుతాయి, ఒక మాట రెండుగా విరుగుతుంది. పద్యమైతే గణాలు చూసుకుని మరీ సరిచేయాలి. అందుకే ఈ ఏడాది నుంచి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయురాలితో మూడో ప్రూఫు చూపిస్తున్నాను. ఆవిడ పట్టుకున్న తప్పులు చూశాక ఆ విడత మానేయడానికి నాకు మనసు రావడం లేదు. పెరిగే డాలరులో ఎక్కువ భాగం ఆవిడ పారితోషికానికే వెళుతుంది. మూడో ప్రూఫుకు విడిగా ఏమీ తీసుకోను.

మీ బడ్జెట్లు ముందే ఖరారై ఉంటాయని తెలుసు. అందుకని సంక్రాంతి సంచికలన్నిటికీ, పని జనవరిలోకి సాగినా, పాత ధరే. వచ్చే ఉగాది మార్చి 19న. ఆ సంచిక రచనలు డిసెంబర్ 31లోపు పూర్తిగా అందితే దానికి కూడా పాత ధరే వర్తిస్తుంది. ముందే డబ్బు చెల్లించిన పనులకు అదనంగా ఏమీ అడగను. వారాంతపు తెలుగు బడుల పాఠ్యపుస్తకాలకు, వర్క్‌బుక్కులకు 2026 అంతా పేజీకి 4 డాలర్లే. ఆ పుస్తకాలు స్వచ్ఛందంగా చదువు చెప్పే అమ్మానాన్నల సొంత డబ్బుతో నడుస్తున్నాయి, అక్కడ పెంచడం నాకు సమ్మతం కాదు.

2020 లాక్‌డౌన్‌లో ఇక్కడ ప్రెస్సులు మూతపడినప్పుడు మీరు సంచికలు ఆపలేదు, పీడీఎఫ్‌గానైనా తెచ్చారు. కొందరు అడగకముందే అడ్వాన్సు పంపారు. ఆ నెలల్లో నా ఇల్లు గడిచింది మీ పనితోనే. ఆ సంగతి గుర్తుంది కనుకనే చెప్పాపెట్టకుండా బిల్లులో కొత్త అంకె వేయకుండా, ఆరు వారాల ముందే రాస్తున్నాను.

కొత్త ధర మీ పత్రికకు భారమైతే దయచేసి మొహమాటపడకండి. పేజీలు తగ్గించడం, ఈ-బుక్ వదిలేసి పీడీఎఫ్‌తో సరిపెట్టుకోవడం, బిల్లును రెండు వాయిదాలుగా కట్టడం వంటి దారులు ఉన్నాయి. కూర్చుని మాట్లాడుకుందాం. ప్రూఫుల విడతలు తగ్గించి ధర తగ్గించమని మాత్రం అడగవద్దు. తప్పులతో అచ్చయిన పేజీ మీ పేరుకూ, రచయిత పేరుకూ మచ్చ.

డిసెంబర్ 10లోపు మీ అభిప్రాయం తెలియజేస్తే ఉగాది పనుల వరుస ఖాయం చేసుకుంటాను. అమెరికా తూర్పు తీరంలో ఉన్నవారు మీ ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ఫోను చేయవచ్చు, ఇక్కడ అప్పటికి సాయంత్రం ఏడు అవుతుంది. బ్రిటన్‌లో ఉన్నవారికి మధ్యాహ్నం ఒకటిన్నర అనుకూలం. ఆస్ట్రేలియా మిత్రులకు సమయం కుదరదు కాబట్టి ఈమెయిల్‌కు ఆ రోజే జవాబిస్తాను.

కృతజ్ఞతలతో,
మీ సుజాత